ఫైబర్ లైన్‌లో ఆప్టికల్ పవర్: వంగిన తీగనూ మురికి పట్టిన కనెక్టర్‌నూ పట్టించే అంకెలు

ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌లో వీధి నుంచి వచ్చిన సన్నని గాజు తీగ ఇంట్లో ఒక చిన్న పెట్టె దగ్గర ముగుస్తుంది. దాన్ని ఓఎన్‌టీ అనీ ఓఎన్‌యూ అనీ పిలుస్తారు. ఇళ్లలో మాత్రం అది మోడెమ్ లేదా రౌటర్. తీగలో వచ్చే కాంతిని కంప్యూటర్‌కు, ఫోనుకు అర్థమయ్యే సంకేతంగా మార్చడం దీని పని. ఆ పనితో పాటు ఇది మరొకటి కూడా చేస్తుంది: తన దగ్గరకు ఎంత కాంతి చేరుతోందో అనుక్షణం కొలుస్తూ ఉంటుంది. ఆ కొలతే ఆప్టికల్ పవర్ రీడింగ్. నెట్ నెమ్మదించినా, తెగితెగి వస్తున్నా తప్పు తీగలో ఉందా లేదా అన్నది తేల్చడానికి అంతకంటే దగ్గరి సాక్ష్యం లేదు. సరిగ్గా చదవగలిగితే ఆ తప్పు తీగ వంపులో ఉందో, కనెక్టర్ మురికిలో ఉందో కూడా చాలాసార్లు తెలిసిపోతుంది.

పెట్టె మీది దీపాలు ఇంత వివరం చెప్పవు. `PON` దీపం పచ్చగా నిలిచి ఉంటే లైన్ కలిసిందని అర్థం. `LOS` ఎర్రగా కొట్టుకుంటుంటే కాంతి రావడం లేదనో, పనికి రానంతగా తగ్గిపోయిందనో అర్థం. బొటాబొటిగా కాంతి అందుతూ రోజుకు నాలుగుసార్లు జారిపోయే లైన్‌కు కూడా మిగతా సమయమంతా దీపం పచ్చగానే ఉంటుంది.

అంకె ఎక్కడ కనిపిస్తుంది

ఇంట్లోని వైఫైకి కలిపిన ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో బ్రౌజర్ తెరిచి `192.168.1.1` అని కొడితే చాలా పెట్టెల్లో లాగిన్ పేజీ వస్తుంది. లోపలికి వెళ్లాక స్టేటస్ విభాగంలో ఆప్టికల్ లేదా పాన్ అన్న పేరుతో ఒక పేజీ ఉంటుంది. అందులో `Rx Optical Power` అన్నది పెట్టెకు అందుతున్న కాంతి, `Tx Optical Power` అన్నది పెట్టె వెనక్కు పంపుతున్న కాంతి. కొందరు ఆపరేటర్లు ఈ పేజీని వాడకందారులకు తెరవరు. అలాంటప్పుడు ఫోన్ చేసి పవర్ ఎంత వస్తోందని అడిగితే సరిపోతుంది, ఎందుకంటే అదే అంకె వాళ్ల కంట్రోల్ రూమ్‌లోనూ కనిపిస్తుంది.

ఈ కొలతకు ప్రమాణం డీబీఎం. ఒక మిల్లీవాట్ కాంతిని సున్నా డీబీఎం అంటారు. అక్కడి నుంచి 10 తగ్గిన ప్రతిసారీ కాంతి పదోవంతుకు పడిపోతుంది, 3 తగ్గితే సగమవుతుంది. ఆ లెక్కన మైనస్ 20 అంటే మిల్లీవాట్‌లో వందో వంతు. మైనస్ 23 అంటే అందులో సగం. ఇంటికి చేరే కాంతి ఎప్పుడూ మిల్లీవాట్ కంటే చాలా తక్కువ కాబట్టి `Rx` అంకె మైనస్‌లోనే ఉంటుంది. అందుకే టెక్నీషియన్లు మైనస్ అన్న మాటను పలకడమే మానేశారు. “ఇరవై రెండు వస్తోంది సార్” అంటే మైనస్ 22 అని. వినేవాడికి అలవాటు లేకపోతే ఇరవై ఆరు అనగానే పవర్ పెరిగిందని సంతోషిస్తాడు. నిజానికి అది కాంతి సగం కూడా మిగలని లైన్.

`Tx` అంకె విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. అది సాధారణంగా 2 డీబీఎం దగ్గర, ప్లస్‌లో ఉంటుంది. పెట్టె తన లేజర్ నుంచి ఎంత కాంతి బయలుదేరుతోందో అక్కడికక్కడే చూసుకుని రాసే అంకె ఇది. లైన్ కలిసి ఉన్నంతవరకు, దారిలో ఎంత కాంతి పోతున్నా ఈ అంకెలో దాని జాడ కనిపించదు. కాబట్టి “ట్రాన్స్‌మిట్ బాగుంది, లైన్ బాగుంది” అనే వాదనకు ఆధారం లేదు. ఆ కాంతిలో ఎంత భాగం అవతలికి చేరిందో అవతలి కొసనే అడగాలి.

ఎంత రావాలి

మన ఇళ్లలో ఎక్కువగా ఉన్న జీపాన్ పద్ధతిలో ఆపరేటర్ దగ్గరుండే ఓఎల్‌టీ యంత్రం నుంచి ఒక ఫైబర్ బయలుదేరి, దారిలో స్ప్లిట్టర్ల దగ్గర చీలుతూ 32 లేదా 64 ఇళ్లకు వెళుతుంది. స్ప్లిట్టర్‌లో కరెంటు ఉండదు. వచ్చిన కాంతిని పంచడమే దాని పని. ఎనిమిది దారులుగా చీల్చే స్ప్లిట్టర్ ఒక్కటే పదిన్నర డెసిబెల్స్ దాకా మింగుతుంది. దాని ముందు కిలోమీటరు ఫైబర్‌లో పోయేది లెక్కలోకి రానంత తక్కువ, పావు నుంచి మూడో వంతు డెసిబెల్ మాత్రమే.

ఒక నమూనా లైన్ తీసుకుని లెక్క వేస్తే ఇది స్పష్టమవుతుంది. ఓఎల్‌టీ 4 డీబీఎం పంపుతోందనుకుందాం. ఇల్లు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంది, ఫైబర్‌లో ఒకటిన్నర పోతుంది. దారిలో 1:8 స్ప్లిట్టర్లు రెండున్నాయి, వాటికి 21 పోతుంది. అతుకులకూ కనెక్టర్లకూ కలిపి ఇంకో ఒకటిన్నర. మొత్తం నష్టం 24. నాలుగులోంచి ఇరవై నాలుగు తీసేస్తే ఇంటి దగ్గర మైనస్ 20 రావాలి. జీపాన్‌లో విరివిగా వాడే బీ ప్లస్ తరగతి పరికరాల్లో ఇంటి పెట్టె మైనస్ 27 దాకా చదవగలగాలని ప్రమాణం చెబుతుంది. అంటే ఈ లైన్‌కు ఏడు డెసిబెల్స్ వెసులుబాటు ఉంది. మరోవైపు కాంతి మైనస్ 8 కంటే ఎక్కువైనా ప్రమాదమే, పెట్టెలోని గ్రాహకం కళ్లు బైర్లు కమ్మినట్టు తప్పులు చదువుతుంది. స్ప్లిట్టర్‌ను తప్పించి నేరుగా కలిపేసినచోట ఇలా జరుగుతుంది.

మైనస్ 20 మంచి అంకె, మైనస్ 24 చెడ్డ అంకె అని విడిగా చెప్పడానికి లేదన్నది ఈ లెక్కలోంచే వస్తుంది. దూరం ఎక్కువై, స్ప్లిట్టర్లు పెద్దవైన ఊళ్లో మైనస్ 24 ఆ లైన్‌కు పుట్టుకతో వచ్చిన అంకె కావచ్చు, అది ఏళ్ల తరబడి నిక్షేపంగా పనిచేయవచ్చు. మొన్నటిదాకా మైనస్ 20 వచ్చిన ఇంట్లో ఇవాళ మైనస్ 24 వస్తే మాత్రం ఎక్కడో నాలుగు డెసిబెల్స్ కారిపోతున్నాయి. పైగా ఇంటి పెట్టెలోని కొలత అంత నిక్కచ్చి కాదు. ప్రమాణం ప్రకారమే దానికి మూడు డెసిబెల్స్ అటూ ఇటూ తేడా ఉండే అనుమతి ఉంది. పెట్టె మారిస్తే అదే లైన్‌లో అంకె మారడం వింత కాదు. అయితే ఒకే పెట్టెలో నిన్నటికీ ఇవాళ్టికీ వచ్చే తేడాను చాలావరకు నమ్మవచ్చు. కనెక్షన్ ఇచ్చిన రోజునే `Rx` అంకెను పెట్టె అడుగున పెన్నుతో రాసిపెట్టే టెక్నీషియన్లు కొందరుంటారు. తర్వాత వచ్చేవాడికి ఆ ఒక్క అంకె చేసే మేలు ఇంతా అంతా కాదు.

వంపు చేసేది, మురికి చేసేది

ఫైబర్ మధ్యలో కాంతి నడిచే దారి వెడల్పు సుమారు 9 మైక్రోమీటర్లు. తలవెంట్రుక దానికి ఎన్నో రెట్లు లావు. కాంతి ఆ మధ్య భాగానికి అంటిపెట్టుకుని ప్రయాణిస్తుంది గానీ, కొంత భాగం చుట్టూ ఉన్న గాజు పొరలోకి కూడా వ్యాపించి ఉంటుంది. తీగ గట్టిగా వంగినచోట వంపు బయటివైపున ఉన్న కాంతి, లోపలివైపు కాంతితో కలిసి నడవాలంటే ఎక్కువ దూరం పోవాలి. ఒక హద్దు దాటాక అందుకోలేక, దారి వదిలి బయటికి చిమ్ముకుపోతుంది. తీగ విరగనక్కర లేదు, పైతొడుగు మీద గీత కూడా పడనక్కర లేదు. పాత రకం జి.652 ఫైబర్‌ను 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే బిగువుగా వంచకూడదంటారు. ఇళ్ల లోపలి కోసం వచ్చిన జి.657 రకాల్లో ఎ1 పది మిల్లీమీటర్ల దాకా, ఎ2 ఏడున్నర దాకా ఓర్చుకుంటాయి. తలుపు సందులో నలిగిన తీగకైనా, టీవీ యూనిట్ వెనక మేకు కింద ముడుచుకున్న తీగకైనా వంపు వ్యాసార్ధం రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది. దాన్ని ఏ రకమూ తట్టుకోదు.

ఇక్కడే అసలు ఆధారం దొరుకుతుంది. కాంతి తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ అది మధ్య దారిలో అంత గట్టిగా ఇమడదు, అంచులు దాటి ఎక్కువ పరుచుకుంటుంది. కాబట్టి వంపు దగ్గర పొడవు తరంగమే ఎక్కువ కారిపోతుంది. జీపాన్‌లో ఆపరేటర్ నుంచి ఇంటికి వచ్చే కాంతి 1490 నానోమీటర్లు, ఇంటి నుంచి వెళ్లేది 1310. రెండూ ఒకే తీగలో ఎదురెదురుగా నడుస్తాయి. అదే వంపు వచ్చే కాంతిని ఎక్కువగా దెబ్బతీసి, వెళ్లే కాంతిని చాలావరకు వదిలేస్తుంది.

మురికికి ఇలాంటి పక్షపాతం పెద్దగా ఉండదు. కనెక్టర్ కొనను చూస్తే తెల్లని సిరామిక్ ముక్క మధ్యలో గాజు కొస ఉంటుంది. అలాంటి రెండు కొసలు ఒకదానికొకటి అంటుకుని నిలిస్తేనే కాంతి అటు నుంచి ఇటు దాటుతుంది. మధ్యలో దుమ్ము రేణువు పడితే రెండు రకాలుగా నష్టం. సరిగ్గా దారిమీద పడితే అది కాంతిని అడ్డుకుంటుంది. పక్కన పడినా రెండు కొసలనూ ఎడంగా నిలబెట్టి మధ్యలో గాలి పొర మిగులుస్తుంది. వేలు తగిలితే అంటుకునే చర్మపు జిడ్డు కూడా అంతే పని చేస్తుంది. ఈ అడ్డు 1490కీ 1310కీ దాదాపు సమానమే. చెడిన అతుకుదీ ఇదే తీరు.

రెండు వైపులా చదివితే

అందుకే అనుభవమున్న ఇంజనీరు ఇంటి పెట్టె అంకె ఒక్కటే చూసి ఊరుకోడు. ఆ ఇంటి నుంచి తమకు ఎంత కాంతి అందుతోందో ఓఎల్‌టీని కూడా అడుగుతాడు. జడ్‌టీఈ ఓఎల్‌టీల్లో దీనికి `show pon power attenuation` అనే ఆదేశం ఉంది. అది రెండు దిశల నష్టాన్నీ పక్కపక్కన చూపిస్తుంది. పైన లెక్కవేసిన నమూనా ఇంటికి, అంతా బాగున్న రోజున, అది ఇలా కనిపిస్తుంది:

```
        OLT               ONU             Attenuation
up      Rx :-22.3(dbm)    Tx:2.0(dbm)     24.3(dB)
down    Tx :4.0(dbm)      Rx:-20.0(dbm)   24.0(dB)
```

వెళ్లేదారిలో నష్టం పిసరంత ఎక్కువ ఉండటం సహజమే. మామూలు ఫైబర్‌లో 1310కి కిలోమీటరుకు పోయేది 1490 కంటే కొంచెం ఎక్కువ. ఇప్పుడు ఆ ఇంట్లో వడ్రంగి వచ్చి కొత్త టీవీ యూనిట్ బిగించాడనుకుందాం. మర్నాటి నుంచి నెట్ మొరాయిస్తోంది. ఇంజనీరు మళ్లీ చూస్తే:

```
up      Rx :-23.9(dbm)    Tx:2.0(dbm)     25.9(dB)
down    Tx :4.0(dbm)      Rx:-25.8(dbm)   29.8(dB)
```

వచ్చే దారిలో నష్టం 5.8 పెరిగింది, వెళ్లే దారిలో 1.6 మాత్రమే. మురికి ఇంత తేడా చూపదు. ఇది వంపు. తీగను వెతుక్కుంటూ పోతే ప్లైవుడ్ పలక అంచుకూ గోడకూ మధ్య నలిగి దొరకాలి. పలకను ఒక అంగుళం లాగి తీగను సడలిస్తే, గాజు పగలనంత వరకూ, పేజీని రిఫ్రెష్ చేసేలోగా అంకె మైనస్ 20 దగ్గరకు తిరిగి వస్తుంది. వంపు వల్ల కలిగిన నష్టం సాధారణంగా వంపుతోనే పోతుంది, కనెక్టర్‌ను ముట్టుకోవలసిన పనే ఉండదు.

అదే ఇంట్లో మరో కథ. సున్నం వేయించడానికి పెట్టెను గోడ మీంచి దించారు, కనెక్టర్ రెండు రోజులు మూత లేకుండా వేలాడింది, తర్వాత ఎవరో తిరిగి గుచ్చారు. ఇప్పటి అంకెలు:

```
up      Rx :-25.5(dbm)    Tx:2.0(dbm)     27.5(dB)
down    Tx :4.0(dbm)      Rx:-23.3(dbm)   27.3(dB)
```

రెండు దారుల్లోనూ నష్టం మూడుకు పైన పెరిగింది, దాదాపు సమానంగా. ఇక్కడ తీగ వెంట తిరగడం కంటే ముందు కనెక్టర్ తుడవడం మంచిది. మొత్తం అంకెను చూస్తే రెండో కథ కంటే మొదటిదే భయపెడుతుంది, కానీ తేలిగ్గా బాగయ్యేది కూడా మొదటిదే.

ఈ పరీక్షకు ఒక షరతు ఉంది. తేడా రెండు మూడు డెసిబెల్స్ దాటినప్పుడే తీర్పు చెప్పాలి. అర డెసిబెల్ తేడాలు ఎండకూ, పరికరాల వేడికీ కూడా వస్తాయి. ఒకే లైన్‌లో వంపూ మురికీ రెండూ ఉంటే అంకెలు ఈ రెంటికీ మధ్యలో పడి ఏదీ తేల్చవు.

ఓఎల్‌టీ అంకె దొరకని ఇళ్లలో పనికొచ్చే గుర్తు ఒకటి మన ఊళ్లలో ఉంది. చాలామంది కేబుల్ ఆపరేటర్లు అదే ఫైబర్ మీద టీవీ ప్రసారాన్ని 1550 నానోమీటర్ల కాంతిలో పంపుతారు. ఇది 1490 కంటే కూడా పొడవు తరంగం, వంపుకు మరింత లోకువ. పైగా టీవీ గ్రాహకానికి నెట్ పెట్టె కంటే చాలా ఎక్కువ కాంతి కావాలి. నెట్ నడుస్తూనే టీవీ బొమ్మ గడులుగడులుగా విరిగిపోతుంటే ముందు వంపును అనుమానించవచ్చు, తేల్చి చెప్పలేకపోయినా. ఇలాంటి లైన్లలో పవర్ మీటర్‌తో కొలిచేవారికి ఒక ఉచ్చు కూడా ఉంది. మామూలు మీటర్ తరంగాలను విడదీయకుండా మొత్తం కాంతిని కలిపి చూపుతుంది. బలమైన టీవీ కాంతి వల్ల అంకె గొప్పగా కనిపిస్తుంది, అందులో నెట్ వాటా ఎంతో తెలియదు. తరంగాలను విడివిడిగా చూపే పాన్ మీటర్ ఉంటేనే ఆ కొలతకు అర్థం.

తుడవడం

కనెక్టర్‌ను చొక్కా అంచుతో తుడవడం, నోటితో ఊదడం చూస్తుంటాం. గుడ్డ పోగులూ, ఊపిరిలోని తేమా కొత్త మురికి. ఇందుకోసమే పెన్నులా ఉండే వన్ క్లిక్ క్లీనర్ దొరుకుతుంది. దాన్ని కొన మీద పెట్టి నొక్కితే లోపలి సన్నని పట్టీ కొత్త భాగంతో ఒకసారి తుడుస్తుంది. జిడ్డు ఉంటే పోగులు రాలని వైప్ మీద 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేసి, కొనను తడి భాగం నుంచి పొడి భాగం వైపు ఒకే దిశలో గీయాలి. ఎక్కువమంది మరిచిపోయేది అవతలి కొన. గోడ సాకెట్ లోపల, పెట్టె రంధ్రం లోపల కూడా అలాంటి కొనే ఉంటుంది. ఒకటే తుడిచి గుచ్చితే రెండోదాని మురికి మళ్లీ దీనికి అంటుకుంటుంది. తుడవకుండా పదేపదే తీసి పెట్టడం ఇంకా చెడ్డది, ఇసుక రేణువు ఉంటే ప్రతి గుచ్చుడుకూ గాజు మీద గీత పడుతుంది. ఆ గీత ఏ క్లీనర్‌కూ పోదు, కనెక్టర్ మార్చాల్సిందే. వెలిగే లైన్ కొనలోకి కంటితో చూడకూడదు. ఆ కాంతి కంటికి కనిపించదు, కాబట్టి ఉందో లేదో చూసి తెలుసుకోవడం కుదరదు.

రంగు కూడా చూడాలి. పచ్చ కనెక్టర్ కొన ఎనిమిది డిగ్రీలు ఏటవాలుగా చెక్కి ఉంటుంది, నీలం కొన ఏటవాలు లేనిది. పచ్చదాన్ని నీలం సాకెట్‌లో గుచ్చినా చక్కగా పడుతుంది, పెట్టె వెలుగుతుంది కూడా. కానీ కొనలు సరిగా ఆనవు. ఎంత తుడిచినా కొన్ని డెసిబెల్స్ రాకుండా పోతుంటే, షాపులో కొన్న కొత్త ప్యాచ్ కార్డ్ రంగును ఒకసారి చూడటం మంచిది.

వంపును వెతకడానికి టెక్నీషియన్లు ఎర్ర లేజర్ పెన్ను వాడతారు. ఇంటి వైపు తీగను విప్పి అందులోకి ఎర్రటి కాంతి పంపితే, సన్నని తెలుపు లేదా పసుపు తొడుగు ఉన్న ప్యాచ్ కార్డ్‌లో వంపు ఉన్నచోట ఎర్రగా మెరుస్తుంది. వీధిలోంచి వచ్చే నల్లటి డ్రాప్ వైర్‌లో ఇది కనిపించదు. అక్కడ చేత్తో తడుముకుంటూ, బిగించిన క్లిప్పులు సడలిస్తూ, ప్రతి చోటా `Rx` పేజీని రిఫ్రెష్ చేసి చూడటమే దారి.

ఇంటి బయట

అంకె పడిపోయిన తీరు కూడా చాలా చెబుతుంది. ఒక్కసారిగా మెట్టు దిగినట్టు పడి అక్కడే నిలిస్తే ఎవరో ఏదో కదిపారు. గాలి వీచినప్పుడల్లా ఊగిసలాడుతుంటే స్తంభం నుంచి వేలాడే తీగ ఎక్కడో ఒరుసుకుంటోంది. వానలు మొదలయ్యాక తగ్గితే జాయింట్ బాక్సులో నీళ్లు దిగి ఉండవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఫైబర్‌నెట్ కేబుల్‌ను చాలావరకు కరెంటు స్తంభాల మీదుగా లాగారు. తెలంగాణలో టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాలను వాడుకున్నారు. అసలు కేబుల్ పైన వెళ్లినా భూమిలో వెళ్లినా, చివరి స్తంభం నుంచి ఇంటికి వచ్చే డ్రాప్ వైర్ మాత్రం రెండుచోట్లా ఎక్కువగా గాలిలోనే వేలాడుతుంది. చివరి నలభై యాభై మీటర్లకు కోతులు, పతంగుల మాంజా, కొమ్మలు నరికే కత్తి అన్నీ శత్రువులే.

తప్పు ఇంట్లోనా వీధిలోనా అన్నది పొరుగింటి అంకె తేలుస్తుంది. ఒకే స్ప్లిట్టర్ నుంచి తీగలు వచ్చిన ఇళ్లన్నిటిలో ఒకే రోజు ఒకే మోతాదులో పవర్ పడిపోతే తప్పు స్ప్లిట్టర్‌కు పైన ఉంది. ఒక్క ఇంటిలోనే పడితే ఆ ఇంటి డ్రాప్ వైర్ నుంచి ఇటు వెతకాలి.

పవర్ అంకె బాగుండి కూడా నెట్ నెమ్మదిగా ఉంటే ఫైబర్‌ను వదిలేసి వైఫై వైపు చూడటం మేలు. డిజిటల్ లైన్‌లో కాంతి సగమైతే వేగం సగం కాదు. మైనస్ 18 వచ్చే ఇంటికీ మైనస్ 23 వచ్చే ఇంటికీ అదే వేగం అందుతుంది. హద్దు దగ్గరకు వచ్చాకే తప్పులు పెరిగి, లైన్ జారిపోవడం మొదలవుతుంది.

ఇప్పుడు కొన్నిచోట్ల జీపాన్ స్థానంలో వస్తున్న ఎక్స్‌జీఎస్-పాన్ పద్ధతి ఇంటికి 1577 నానోమీటర్ల కాంతిని పంపుతుంది, ఇంటి నుంచి 1270 తీసుకుంటుంది. రెండు తరంగాల మధ్య ఎడం పెరిగింది కాబట్టి వంపును పట్టే పరీక్ష మరింత స్పష్టంగా పనిచేస్తుంది. అయితే 1490 దగ్గర ఒక డెసిబెల్‌తో సరిపెట్టుకున్న పాత వంపు 1577 దగ్గర అంతకంటే ఎక్కువే మింగుతుంది. పెట్టె మార్చిన రోజునే పాత తీగలో కొత్తగా తప్పు కనిపిస్తే, కొత్త పెట్టెను వెనక్కి పంపేముందు బీరువా వెనక తీగ ఎలా పడి ఉందో చూడాలి.